అంటార్కిటికాలో మా అబ్బాయి గడియారం ఒక్క రాత్రిలో మూడు గంటలు ఎట్లా మారింది?

చిత్తూరు_టీచరమ్మ
రిటైరయ్యాక పాత డైరీలు సర్దుతుంటే ఒక పాత అనుమానం మళ్ళీ పైకొచ్చింది. మా పెద్దబ్బాయి 2019-20లో ఆస్ట్రేలియా వాళ్ళ కేసీ స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఉండినాడు. నేను రోజూ మన టైమ్ సాయంత్రం నాలుగున్నరకు ఫోన్ చేసేదాన్ని. జనవరి, ఫిబ్రవరి అంతా "రాత్రి పదయింది, పడుకోబోతున్నానమ్మా" అనే రాసుకున్నాను. మార్చి 7 శనివారం కూడా అదే మాట. మర్నాడు ఆదివారం అదే నాలుగున్నరకు చేస్తే "ఇప్పుడే ఏడయింది, భోజనానికి కూర్చున్నా" అన్నాడు. అప్పుడే అడిగితే "ఇక్కడ టైమ్ మార్చేశారమ్మా" అని నవ్వి ఊరుకున్నాడు. నేను నమ్మలేదు. గంట మారిందంటే సరే, మూడు గంటలేమిటి? అసలు ఎండాకాలంలో సూర్యుడు అస్తమించని చోట టైమ్ ఎంతో ఎవరు చెబుతారు, దేన్ని చూసి చెబుతారు?

అలిపిరి_మెట్టు
పడుకోబోతున్నా అంటే ఫోన్ పెట్టేయమ్మా అని అర్థం. ఈ టెక్నిక్ మా ఇంట్లోనూ నడుస్తుంది, అంటార్కిటికా దాకా పోనక్కరలేదు.

స్వర్ణముఖి
టీచరమ్మా, అది డేలైట్ సేవింగ్. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంది, ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం గంట వెనక్కి, అక్టోబర్‌లో గంట ముందుకి. మొదట్లో నేనూ తికమకపడ్డాను. ఫోన్‌లో మెల్‌బోర్న్ గడియారం పెట్టుకోండి, సరిపోతుంది.

చిత్తూరు_టీచరమ్మ
అమ్మా, నేను గంట గురించి అడగలేదు. మూడు గంటలు. అదీ ఏప్రిల్‌లో కాదు, మార్చి 8న.

రేణిగుంట_జంక్షన్
అక్కడ ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. కాబట్టి సూర్యుడితో పనిలేదు. అన్ని స్టేషన్లూ గ్రీనిచ్ టైమే వాడతాయి, అదే అంతర్జాతీయ నియమం. మీ అబ్బాయి షిఫ్ట్ మారి ఉంటుంది, టైమ్ కాదు.

గాదంకి_గాలి
రేణిగుంట అన్నా, అందులో సగమే నిజం. పరికరాలు నమోదు చేసే టైమ్ యూటీసీ, అంటే నువ్వన్న గ్రీనిచ్ టైమే. అది అక్కడే కాదు, మన దగ్గరా అంతే. వాతావరణ బెలూన్ ప్రపంచమంతా యూటీసీ సున్నాకీ పన్నెండుకీ లెక్క. మనకది పొద్దున ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. కానీ మనుషులు నిద్రలేచే టైమ్, వంటగది తెరిచే టైమ్ వేరు. దానికి అంతర్జాతీయ నియమం ఏదీ లేదు, స్టేషన్ నడిపేవాళ్ళ ఇష్టం. సరిగ్గా దక్షిణ ధ్రువం మీదున్న అమెరికా స్టేషన్‌లో న్యూజిలాండ్ టైమ్ నడుస్తుంది. అక్కడ అన్ని రేఖాంశాలూ కలుస్తాయి కాబట్టి సూర్యుణ్ణి చూసి టైమ్ చెప్పడం కుదరదు. మరి న్యూజిలాండే ఎందుకంటే, సరుకూ మనుషులూ అక్కడి క్రైస్ట్‌చర్చ్‌లో విమానమెక్కి మెక్‌మర్డో స్టేషన్ మీదుగా వస్తారు. విమానం ఎక్కడ బయలుదేరితే ఆ ఊరి గడియారం.

ఇంకోటి, ఆరు నెలల పగలు సరిగ్గా ధ్రువం దగ్గర మాటే. కేసీ 66 డిగ్రీల 17 నిమిషాల దక్షిణాన, అంటార్కిటిక్ వలయానికి కాస్త బయటే ఉంది. అక్కడ జూన్ నడిమధ్యన కూడా సూర్యుడు రోజూ కాసేపు కనబడతాడు.

అలిపిరి_మెట్టు
విమానం ఎక్కడ బయలుదేరితే ఆ ఊరి టైమ్ అంటే, రేణిగుంట ఎయిర్‌పోర్ట్‌లో హైదరాబాద్ టైమ్ పెట్టాలన్నమాట. పెట్టినా తేడా తెలియదులే.

రేణిగుంట_జంక్షన్
నోరు జారి ‘నియమం’ అన్నాను, ఒప్పుకుంటా. కానీ గ్రీనిచ్ వాడేవాళ్ళు ఉన్నారు. నార్వే వాళ్ళ ట్రోల్ స్టేషన్ గురించి చదివాను.

గాదంకి_గాలి
ఉన్నారు, కానీ ఏడాది పొడుగునా కాదు. అక్కడి ఎండాకాలంలో, విమానాల సీజన్‌లో, గ్రీనిచ్. అక్కడ చలికాలం వచ్చేసరికి నార్వే వేసవి టైమ్, అంటే రెండు గంటలు ముందు. అంటే వాళ్ళూ ఒక గంట కాదు, రెండు గంటలు దూకుతారు. టీచరమ్మగారి మూడు గంటలు అంత వింతేమీ కాదు.

కాణిపాకం_కోడర్
టీచరమ్మా, మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. చాలా కంప్యూటర్లు వాడే టైమ్‌జోన్ ఫైల్‌లో కేసీకి విడిగా ఒక పేరే ఉంది. లైనక్స్ ఉన్నవాళ్ళు ఎవరైనా చూసుకోవచ్చు:

```
zdump -v Antarctica/Casey | grep 2020
```

2020 మార్చి 8న, అక్కడ తెల్లవారుజామున మూడు గంటలవగానే గడియారాన్ని మళ్ళీ అర్ధరాత్రి 12కి తిప్పారు. అప్పటిదాకా యూటీసీ+11, అక్కణ్ణించి యూటీసీ+8. మన టైమ్‌లో అది 7వ తారీఖు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. మీ శనివారం ఫోన్ మార్పుకు ఐదు గంటల ముందు, ఆదివారం ఫోన్ తర్వాత. మనకు నాలుగున్నర అంటే యూటీసీ 11. దానికి 11 కలిపితే రాత్రి 10, ఎనిమిది కలిపితే సాయంత్రం 7. మీ డైరీ నిమిషంతో సహా సరిపోయింది.

చిత్తూరు_టీచరమ్మ
అయ్యో, ఇన్నేళ్ళు వాణ్ణి అనుమానించాను కదా. సరే, ఎందుకు మార్చారో చెప్పండి. నాకు లెక్క అర్థమైంది గానీ కారణం కాలేదు.

గాదంకి_గాలి
కేసీ రేఖాంశం 110 డిగ్రీల 30 నిమిషాల తూర్పు. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన యూటీసీ కంటే 7 గంటల 22 నిమిషాలు ముందు. ఇది సూర్యుడు చెప్పే టైమ్. దీనికి దగ్గరగా ఉన్నది +8, పెర్త్ టైమ్. అది పెట్టుకుంటే సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు 12:38కి. మనకు అలవాటైన మధ్యాహ్నమే.

కానీ కేసీకి పెద్ద ఆఫీసు పెర్త్‌లో లేదు, టాస్మేనియాలో ఉంది. విమానం అక్కడి హోబార్ట్ నుంచే వస్తుంది. ఎండాకాలంలో హోబార్ట్ టైమ్ +11. కేసీ +8లో ఉంటే హోబార్ట్ ఆఫీసు పొద్దున తొమ్మిదికి తెరిచేటప్పుడు ఇక్కడ ఆరు, జనం ఇంకా పళ్ళు తోముకుంటుంటారు. ఇక్కడ మధ్యాహ్నం రెండు కాగానే అక్కడ ఐదు, ఆఫీసు మూసేస్తారు. భోజనం చేసి వచ్చి ఏదైనా అడగాలంటే ఎత్తేవాడు లేడు. అదే +11 పెట్టుకుంటే రెండు చోట్లా ఒకే తొమ్మిది, ఒకే ఐదు. దానికి ఇచ్చే మూల్యం, సూర్యుడి మధ్యాహ్నం గడియారంలో 3:38కి వస్తుంది. ఎండాకాలంలో సూర్యుడు దాదాపు అస్తమించడు కాబట్టి అది ఎవరికీ నొప్పి కలిగించదు.

స్వర్ణముఖి
మరి మార్చిలో వెనక్కి ఎందుకు తిప్పడం? అట్లాగే ఉంచొచ్చు కదా.

గాదంకి_గాలి
జూన్ చూడండక్కా, అక్కడది నడి చలికాలం. జూన్ 21న కేసీలో సూర్యుడు కనబడేది లెక్క ప్రకారం సుమారు రెండున్నర గంటలు, అదీ నేలను ఆనుకుని. +8లో అది దాదాపు 11:25 నుంచి 1:55 వరకు. అంటే భోజనాల వేళకు అటూ ఇటూ, బయట పని ఉన్నవాళ్ళు ఆ వెలుతురులో చేసుకుంటారు. +11లో ఉంచేస్తే అదే వెలుతురు మధ్యాహ్నం 2:25 నుంచి 4:55 వరకు. పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కినవాడు ఆరు గంటలు చీకట్లో పనిచేసి, వెలుతురు వచ్చేసరికి అలిసిపోయి ఉంటాడు. ఎండాకాలంలో విమానాన్ని బట్టి, చలికాలంలో సూర్యుణ్ణి బట్టి. టీచరమ్మగారి మార్చి 8 ఈ రెంటి మధ్య సరిహద్దు.

పంచాంగం_అభిమాని
గడియారం సూర్యుణ్ణి వదిలేయడం మనకేం కొత్త? మన ఐఎస్‌టీ రేఖ 82 డిగ్రీల 30 నిమిషాలు, కాకినాడ పక్కనుంచి పోతుంది. తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమర. కొండమీద గంట 12 కొట్టినప్పుడు సగటున ఇంకో 12 నిమిషాలకు గానీ సూర్యుడు నడినెత్తికి రాడు. కాకినాడ వాళ్ళ మధ్యాహ్నంలో మనం భోజనం చేస్తున్నాం. నా అసలు డౌట్ వేరు. తిథి లెక్క సూర్యోదయానికి కదా, డిసెంబర్‌లో సూర్యోదయమే లేని చోట ఏకాదశి ఉపవాసం ఎప్పుడు మొదలు, ఎప్పుడు పారణ?

అలిపిరి_మెట్టు
ధ్రువం దగ్గర ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి ఏడాది. ఉపవాసం మొదలుపెడితే పారణ వచ్చే ఏడే. అక్కడికి పోవద్దు సామీ.

మదనపల్లె_టమోటా
పంచాంగం సార్, మా తాతగారు చెప్పిన దారి ఒకటుంది. సొంత ఊరి సూర్యోదయం లెక్కేసుకోవడమే. ఆలోచిస్తే కేసీ వాళ్ళు చేసిందీ అదే. హోబార్ట్ వాళ్ళకు ఊరు.

కాణిపాకం_కోడర్
గాలి సార్ చెప్పిన కథ బాగుంది గానీ, ఫైల్ మొత్తం చదివితే అంత శుభ్రంగా లేదు. మొదటిసారి +11కి మారింది 2009 అక్టోబర్‌లో, 2010 మార్చిలో తిరిగొచ్చారు. 2011-12 ఎండాకాలంలో మళ్ళీ అంతే. ఆ తర్వాత 2012 ఫిబ్రవరి నుంచి 2016 అక్టోబర్ వరకు ఒక్క మార్పూ లేదు, +8 మీదే ఉన్నారు. మధ్యలో నాలుగు ఎండాకాలాలు పోయాయి. విమానాలే కారణమైతే ఆ నాలుగేళ్ళు హోబార్ట్ వాళ్ళతో ఎట్లా మాట్లాడుకున్నారు?

ఇంకా విచిత్రం, 2016 అక్టోబర్‌లో +11కి పోయి 2018 మార్చి వరకు రాలేదు. అంటే 2017 చలికాలమంతా మీరు చెప్పిన "వెలుతురు 2:25కి" అన్న పరిస్థితిలోనే ఉన్నారు. అది కుదరదన్నారు కదా సార్?

గాదంకి_గాలి
కుదరదనలేదు, ఇబ్బంది అన్నాను. పాయింట్ మాత్రం మంచిది. నాలుగేళ్ళు +8లో ఉన్నా విమానాలు ఆగలేదు. విమానం నడిపేవాళ్ళు ఎట్లాగూ యూటీసీలోనే లెక్క వేసుకుంటారు. కాబట్టి ఆఫీసుతో మాట్లాడే సౌకర్యమే అసలు కారణం అని నా అభిప్రాయం. 2017లో మారకపోవడం చూస్తే, చలికాలం మొత్తం ఒక పరీక్షగా ఉంచి ఉండొచ్చు, లేక మార్చడమే విసుగనిపించి ఉండొచ్చు. 2018 నుంచి ఏటా అక్టోబర్‌లో ముందుకు, మార్చిలో వెనక్కి పద్ధతిగా తిప్పడం మొదలైంది కాబట్టి, 2017 చలికాలం వాళ్ళకు నచ్చలేదని నేననుకుంటున్నా. ఇది నా ఊహే.

రేణిగుంట_జంక్షన్
మార్చడం, మళ్ళీ మార్చడం, మధ్యలో మర్చిపోవడం. మన కాలనీ నీళ్ళ ట్యాంకు టైమింగ్స్ కూడా ఇట్లాగే ఉంటాయి.

నైట్‌షిఫ్ట్_నర్స్
ఇన్ని లెక్కల్లో ఒంటి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను తిరుపతిలో పదకొండేళ్ళుగా నైట్ డ్యూటీలు చేస్తున్నాను. ఒకచోట వారానికోసారి రోస్టర్ ఉల్టా తిప్పేవాళ్ళు, రాత్రి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి పొద్దుటికి. ప్రాణం పోయేది. పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్ణించి రాత్రికి తిప్పమని బతిమాలితే ఎవరూ వినలేదు. ఒంటి లోపలి గడియారం 24 గంటల కంటే కొంచెం ఎక్కువ, దాదాపు 24 గంటల 10 నిమిషాలు. వెలుతురు తగలకపోతే రోజూ కాస్త ఆలస్యంగా జారిపోతుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం సులువు, త్వరగా పడుకోవడం కష్టం.

దీన్ని కేసీకి వేసి చూడండి. మార్చిలో మూడు గంటలు వెనక్కి తిప్పితే అదనంగా మూడు గంటలు మేలుకోవాలి, ఒళ్ళు ఒప్పుకుంటుంది. అక్టోబర్‌లో మూడు గంటలు ముందుకు తిప్పితే ఏడింటికి నిద్రపట్టాల్సిన లెక్క. అదీ వెలుతురు రోజురోజుకూ పెరిగే నెలలో. గడియారం రాత్రి తొమ్మిదంటే బయట సూర్యుడి లెక్క సాయంత్రం ఐదున్నర. ఎవడు పడుకుంటాడు?

చిత్తూరు_టీచరమ్మ
వాడు అక్టోబర్‌లో నిద్ర పట్టడం లేదని చెప్పినట్టు రాసుకున్నాను తల్లీ. నేను దోమలా అని అడిగాను.

అలిపిరి_మెట్టు
😂 అంటార్కిటికాలో దోమలు. టీచరమ్మా, మీకు దండం.

గాదంకి_గాలి
నర్సమ్మా, మీరన్నది పరిశోధనలో కూడా ఉంది. బ్రిటిష్ వాళ్ళ హాలీ స్టేషన్ 75 డిగ్రీల దక్షిణాన ఉంది. అక్కడ చలికాలంలో మూడు నెలలకు పైగా సూర్యుడు కనబడడు. 1980ల్లో జోసెఫీన్ ఆరెంట్ బృందం అక్కడివాళ్ళ ఒంట్లో నిద్రవేళను సూచించే మెలటోనిన్ హార్మోన్‌ను కొలిచింది. చలికాలంలో ఒంటి గడియారం ఆలస్యమవుతోందని తేలింది. పొద్దునొక గంట, సాయంత్రమొక గంట బాగా ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోబెడితే అది మళ్ళీ ముందుకొచ్చి సర్దుకుంది. అంటే గోడ మీది గడియారం ఏం చెప్పినా ఒంటికి పట్టదు, కంటిలో పడే వెలుతురే పడుతుంది. అందుకే చలికాలంలో కేసీని +8లో ఉంచడమే న్యాయం. ఉన్న ఆ రెండున్నర గంటల వెలుతురు డ్యూటీ మధ్యలో తగలాలి.

నైట్‌షిఫ్ట్_నర్స్
సార్, పొద్దున వెలుతురే ఒంటిని ముందుకు లాగేది. +8లో కూడా అది 11:25కి గానీ రాదు. కాబట్టి +8 ఉంటే నిద్ర బాగుపడుతుందని తేల్చకండి. +11 కంటే తక్కువ చెడు, అంతే. అసలు పని చేసేది దీపాలే.

గాదంకి_గాలి
ఒప్పుకున్నా.

కాణిపాకం_కోడర్
నర్సక్క బాధ ఒకటి, నా బాధ ఇంకోటి. ఎవరో ఒకరు లోకల్ టైమ్‌లో లాగ్ రాస్తారు చూడండి, వాళ్ళకి మార్చి 8 నరకం. ఆ రోజు అర్ధరాత్రి 12 నుంచి 3 వరకు ప్రతి నిమిషం రెండుసార్లు వచ్చింది. "1:30కి జనరేటర్ ఆగింది" అని రాస్తే మొదటి ఒంటిగంటన్నరా, రెండోదా? గ్రాఫ్ గీస్తే ఆ మూడు గంటల్లో గీత వెనక్కి పోయి మళ్ళీ వస్తుంది, దాన్ని బట్టే పట్టుకోవచ్చు. అక్టోబర్‌లో అయితే మూడు గంటల ఖాళీ ఉంటుంది, పరికరం చెడిపోయిందని ఎవరో ఒకరు కంగారుపడతారు.

గాదంకి_గాలి
అందుకే మా దగ్గర ల్యాబ్‌లో ఎవరైనా లోకల్ టైమ్‌లో రాస్తే పెద్దాయన పెన్ను లాక్కునేవారు. ఆ పక్కన ఇంకోటి ఉంది కోడరూ. కంప్యూటర్‌లో ఆ టైమ్‌జోన్ ఫైల్ పాతదైతే ఈ మార్పు దానికి తెలియదు, మూడు గంటలు తప్పు చూపిస్తుంది. స్టేషన్ వాళ్ళు నిర్ణయించుకుని, ఎవరో చెప్పి, ఫైల్‌లో ఎక్కి, మన ఫోన్‌కి వచ్చేదాకా ఫోన్‌ను నమ్మకూడదు.

చిత్తూరు_టీచరమ్మ
అందుకేనేమో! నా ఫోన్‌లో కేసీ అని పెట్టుకున్న గడియారం అప్పుడు ఏదో వేరే టైమ్ చూపించేది. దాన్ని నమ్మి వాణ్ణి అనుమానించాను.

మదనపల్లె_టమోటా
ఇప్పుడూ అట్లా దూకుతున్నారా, ఆపేశారా?

కాణిపాకం_కోడర్
నా దగ్గరున్న ఫైల్‌లో చివరి మార్పు 2023 మార్చి 9, +11 నుంచి +8కి. దాని తర్వాత ఏమీ లేదు. అదే ఏడాది డిసెంబర్ 18న రష్యా వాళ్ళ వోస్టాక్ మారింది, +7 నుంచి +5కి. ఇది తమాషా. వోస్టాక్ రేఖాంశానికి +7 దాదాపు అచ్చంగా సరిపోయేది, సూర్యుడు 11:53కి నడినెత్తిన ఉండేవాడు. ఇప్పుడు 9:53కే ఉంటాడు. కేసీ సూర్యుడి వైపు వచ్చింది, వోస్టాక్ సూర్యుణ్ణి వదిలి పోయింది.

రేణిగుంట_జంక్షన్
చూశారా, ఏ నియమమూ లేదని మీరే నిరూపించారు. నేను మొదట తప్పు చెప్పినా, చివరికి ఎవరి ఇష్టం వాళ్ళదే అని తేలింది.

గాదంకి_గాలి
ఇష్టం కాదన్నా, ఎవరితో మాట్లాడాలి అన్నది. గడియారం దాటి పోయే కేసు ఒకటుంది. దక్షిణ ధ్రువం స్టేషన్ నుంచి ఇంటర్నెట్ రోజులో కొన్ని గంటలే దొరికేది, ఉపగ్రహం నేలకు పైన కనబడినంతసేపే. ఆ ఉపగ్రహాలు నక్షత్రాల లెక్కలో తిరుగుతాయి, రోజూ దాదాపు నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తాయి. నెలకు రెండు గంటలు. ఇవాళ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసే వేళ కొన్ని నెలలకు తెల్లవారుజాము అవుతుంది. న్యూజిలాండ్ టైమ్ పెట్టుకున్నా దాన్ని పట్టలేరు.

స్వర్ణముఖి
మన ఊళ్ళో చంద్రోదయం రోజుకు ముప్పావుగంట వెనక్కి జరిగినట్టు. అక్కడ ముందుకు. సరే, నాకు మొదటి నుంచీ అర్థం కాని సంగతి ఒకటి. టైమ్ మార్చాలని అసలు ఎవరు అంటారు? అక్కడున్న అధికారా, హోబార్ట్ ఆఫీసా, ఓటు వేస్తారా?

కాణిపాకం_కోడర్
ఫైల్‌లో తారీఖులే ఉంటాయక్కా, గొడవలు ఉండవు.

చిత్తూరు_టీచరమ్మ
ఇప్పుడే వాడికి ఫోన్ చేశాను. ఇదంతా చదివి వినిపించాను. ఓటు సంగతి తనకు గుర్తులేదట, నోటీసు అంటించారట అంతే. ఆ శనివారం రాత్రి అదనంగా మూడు గంటలు దొరికాయి కదా, అందరూ నిద్రపోకుండా సినిమా వేసుకున్నారట. జనరేటర్ డ్యూటీ మాత్రం వాడిదేనట, పన్నెండు గంటలకు బదులు పదిహేను గంటలు. దానికి ఓవర్‌టైమ్ ఇచ్చారా అని అడిగితే మాట మార్చేశాడు.

నైట్‌షిఫ్ట్_నర్స్
అమ్మా, ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే తప్పకుండా ఇక్కడ పెట్టండి. మా దగ్గరా అదే గొడవ.